ఆగస్టులో కట్టిన ప్రీమియం మార్చి లెక్కల్లో ఎంత?

గుంటూరు ప్రాంతంలో పత్తి నుంచి నూలు తీసే ఒక స్పిన్నింగ్ మిల్లు ఉందనుకుందాం. భవనాలు, యంత్రాలు, గోడౌనులో ఉండే పత్తి బేళ్లు అన్నింటికీ కలిపి ఆ మిల్లు ఏటా అగ్నిప్రమాద బీమా చేయిస్తుంది. 2024 ఆగస్టు 12న బీమా కంపెనీకి బ్యాంకు ద్వారా 4,30,700 రూపాయలు పంపింది. అందులో ప్రీమియం 3,65,000, దానిపై 18 శాతం జీఎస్టీ 65,700. రోజుకు వెయ్యి చొప్పున లెక్క తేలికగా సాగాలని ఈ అంకెను ఎంచుకున్నాను. పాలసీ పత్రంపై బీమా కాలం 2024 ఆగస్టు 16 నుంచి 2025 ఆగస్టు 15 అర్ధరాత్రి వరకు అని ఉంది.

డబ్బు వెళ్లిన రోజున యజమానిని అడిగితే బీమా ఖర్చు అయిపోయిందంటాడు. అకౌంటెంటును అడిగితే ఖర్చు ఇంకా మొదలే కాలేదంటాడు. యజమాని మాట్లాడుతున్నది బ్యాంకు నిల్వ గురించి. అకౌంటెంటు మాట్లాడుతున్నది ఆ డబ్బుతో కొన్న రక్షణ గురించి. ఆగస్టు 12న ఆ రక్షణలో ఒక్క రోజు కూడా వాడుకోలేదు, ఎందుకంటే పాలసీ అమల్లోకి రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. అందువల్ల ఆ రోజు లెక్కల్లో జరిగింది ఒక ఆస్తి మరొక ఆస్తిగా మారడమే: బ్యాంకులోని నగదు తగ్గింది, దాని స్థానంలో ఏడాది పాటు రక్షణ పొందే హక్కు వచ్చింది. ఆ హక్కు రోజుకు కొంత చొప్పున కరుగుతుంది, కరిగిన మేరకే అది ఖర్చు అవుతుంది.

అద్దెనో కరెంటు బిల్లునో నెల గడిచాక కట్టే వీలు ఉన్నప్పుడు, బీమాకు మాత్రం డబ్బు ముందే ఎందుకు కట్టాలి అనే ప్రశ్న రావచ్చు. మన దేశంలో దీని వెనుక చట్టమే ఉంది. 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం, ప్రీమియం చేతికి అందకుండా, లేదా నిర్దేశించిన పద్ధతిలో దానికి హామీ ఏర్పడకుండా బీమా కంపెనీ నష్టభారాన్ని తలకెత్తుకోకూడదు. మిల్లు కాలిన తరువాత ప్రీమియం కడతామంటే కుదరదు కదా అన్న ఇంగితం చట్టరూపం దాల్చిందన్నమాట. అందుకే ముందుగా చెల్లించిన ఖర్చులు అనగానే వాణిజ్య శాస్త్ర పాఠ్యపుస్తకాలు మొదటి ఉదాహరణగా బీమానే తీసుకుంటాయి. తక్కిన ఖర్చులను ముందుగా చెల్లించడమన్నది ఒప్పందాన్ని బట్టి జరుగుతుంది, బీమా విషయంలో అది దాదాపు తప్పనిసరి.

ఇంటర్మీడియట్ కామర్స్ చదివినవారికి ఇక్కడ ఒక పాత చిక్కుముడి గుర్తుకు రావాలి. బీమా ఖాతా ఖర్చులనూ ఆదాయాలనూ చూపే నామమాత్రపు ఖాతా, కాని ముందుగా చెల్లించిన బీమా ఖాతా వ్యక్తిగత ఖాతా అని పాఠం చెబుతుంది. పేర్లలో ఇంత దగ్గర పోలిక ఉన్న రెండు ఖాతాలు రెండు వేర్వేరు వర్గాల్లో ఎందుకు పడ్డాయో చాలామంది అడగకుండానే బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. నిజానికి ఈ విషయం మొత్తానికి కీలకం అక్కడే ఉంది. ముందుగా చెల్లించిన బీమా ఖాతా వెనుక ఒక వ్యక్తి, అంటే బీమా కంపెనీ, నిలబడి ఉంది. మన డబ్బు తీసుకుని ఇంకా సేవ అందించని ఆ కంపెనీ మనకు బాకీ ఉంది. ఆ బాకీని నగదు రూపంలో కాక రోజుల రూపంలో తీరుస్తుంది. ఖాతాకు కంపెనీ పేరు పెట్టకుండా బీమా పేరు పెట్టినా, అది ఆ కంపెనీకి ప్రాతినిధ్యం వహిస్తుంది కాబట్టి వ్యక్తిగత ఖాతా అయింది. బాకీ తీరిన ప్రతి రోజుకూ ఆ మొత్తం బీమా ఖాతాకు, అంటే ఖర్చు ఖాతాకు చేరుతుంది.

ఇప్పుడు మిల్లు పుస్తకాల్లో పద్దు ఎలా పడుతుందో చూద్దాం. ఆగస్టు 12న ముందుగా చెల్లించిన బీమా ఖాతాకు 3,65,000 డెబిట్, జీఎస్టీ క్రెడిట్ ఖాతాలకు 65,700 డెబిట్, బ్యాంకు ఖాతాకు 4,30,700 క్రెడిట్. నూలు పన్ను పడే సరుకు కాబట్టి, ఈ బీమాపై కట్టిన జీఎస్టీని మిల్లు తాను కట్టవలసిన పన్నులో సర్దుకుంటుంది. ఆ విధంగా తిరిగి వచ్చే పన్ను బీమా ఖర్చులో భాగం కాదు, కనుక దాన్ని పన్నెండు నెలలకు పంచడమన్న ప్రశ్నే రాదు. పన్ను క్రెడిట్ దొరకని సందర్భాల్లో మాత్రం పన్ను కూడా ధరలో కలిసిపోయి ప్రీమియంతో పాటే కరుగుతుంది. యజమాని తిరగడానికి మిల్లు కొన్న కారు బీమా అలాంటిదే, డ్రైవరుతో సహా 13 మంది వరకు ఎక్కగలిగే ప్రయాణికుల వాహనాల బీమాపై సాధారణంగా ఆ క్రెడిట్ రాదు.

తరువాత నెలనెలా ఒక సర్దుబాటు పద్దు పడుతుంది: బీమా ఖాతాకు డెబిట్, ముందుగా చెల్లించిన బీమా ఖాతాకు క్రెడిట్. ఆగస్టులో పాలసీ నడిచింది 16 రోజులు, కాబట్టి 16,000. సెప్టెంబరులో 30,000, అక్టోబరులో 31,000, ఇలా సాగి ఫిబ్రవరిలో 28,000, మార్చిలో 31,000. ఆగస్టు 16 నుంచి మార్చి 31 వరకు మొత్తం 228 రోజులు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఈ పాలసీ నుంచి ఖర్చు ఖాతాకు మళ్లింది 2,28,000. మిగిలిన 137 రోజుల విలువ 1,37,000 రూపాయలు మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తిగా నిలుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి అది మళ్లీ కరగడం మొదలుపెట్టి ఆగస్టు 15తో సున్నా అవుతుంది.

రోజుల లెక్క చాదస్తంగా అనిపించేవారు నెలల లెక్క వేస్తారు. 3,65,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 30,417 వస్తుంది. ఆగస్టులో సగం నెల, ఆ తరువాత ఏడు నెలలు, మొత్తం ఏడున్నర నెలలకు 2,28,125. రోజుల లెక్కతో తేడా 125 రూపాయలు. ఇంత చిన్న తేడా గురించి ఏ ఆడిటరూ పట్టుబట్టడు. ఏ పద్ధతి ఎంచుకున్నా ఏటా అదే పాటించాలి, అంతే. అయితే పాలసీ 16న మొదలైతే ఆగస్టును పూర్తి నెలగా లెక్కించడం లేదా పూర్తిగా వదిలేయడం అలాంటి చిన్న విషయం కాదు, అప్పుడు తేడా ఏకంగా పదిహేను వేల దాకా పోతుంది.

నెలనెలా పద్దు వేయని మిల్లులు చాలా ఉన్నాయి. అక్కడ ఆగస్టులోనే 3,65,000 మొత్తాన్ని నేరుగా బీమా ఖర్చు ఖాతాకు రాసేస్తారు. మార్చి 31న కూర్చుని, గడవని 137 రోజుల మొత్తాన్ని ఖర్చులోంచి తీసి ముందుగా చెల్లించిన బీమా ఖాతాలో వేస్తారు. మొదటి పద్ధతిలో ఆస్తిగా మొదలుపెట్టి ఖర్చువైపు నడిచాం, రెండో పద్ధతిలో ఖర్చుగా మొదలుపెట్టి వెనక్కి వచ్చాం. మార్చి 31న రెండూ ఒకే చోట కలుస్తాయి: ఖర్చు 2,28,000, ఆస్తి 1,37,000. మన పాఠ్యపుస్తకాల్లో ముగింపు లెక్కల సర్దుబాట్ల కింద కనిపించేది ఈ రెండో పద్ధతే. అన్ని ఖాతాల నిల్వలనూ చూపే అంకణా కింద, సర్దుబాట్లలో ఒక వాక్యంగా ‘ముందుగా చెల్లించిన బీమా ఇంత’ అని ఇస్తారు, విద్యార్థి దాన్ని లాభనష్టాల ఖాతాలో బీమా నుంచి తీసివేసి, ఆస్తివైపు చూపిస్తాడు.

రెండో పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, అది మార్చిలో కాదు, ఏప్రిల్‌లో ఎదురవుతుంది. ఆస్తిగా పక్కన పెట్టిన 1,37,000ను కొత్త సంవత్సరంలో ఎవరో ఒకరు మళ్లీ ఖర్చుకు మళ్లించాలి. మార్చి లెక్కలు ముగించే హడావిడిలో ఆడిటర్ చెప్పగా ఆ పద్దు వేస్తారు. తరువాత ఆడిటర్ వెళ్లిపోతాడు, పద్దు వేసిన గుమాస్తా మరో పనిలో పడతాడు, తిరిగి మళ్లించే పద్దును ఎవరూ తలచుకోరు. అందుకే కొన్ని ఆఫీసుల్లో ఏప్రిల్ 1వ తేదీతోనే తిరుగు పద్దు వేసేసి, మొత్తం 1,37,000ను ఒక్కసారిగా కొత్త సంవత్సరపు ఖర్చులోకి తెచ్చేస్తారు. పూర్తి సంవత్సరాన్ని చూస్తే ఇందులో తప్పేమీ లేదు, ఎలాగూ ఆగస్టు 15లోపు అది ఖర్చయ్యేదే. కాని ఏప్రిల్ నెల లాభాన్ని విడిగా చూసేవారికి ఆ నెలలో బీమా కొండలా కనబడి, తరువాతి మూడున్నర నెలల్లో మాయమవుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. ఏటా ఒక ప్రీమియం కడుతున్నాం, ఏటా ఒక ప్రీమియం ఖర్చు రాస్తున్నాం, ఈ ముక్కలు చేయడం ఎందుకు అని మిల్లు యజమాని అడగవచ్చు. ఆయన ప్రశ్నకు అంకెలతోనే జవాబు చెప్పాలి. అంతకు ముందు పాలసీ 2023 ఆగస్టు 16 నుంచి 2024 ఆగస్టు 15 వరకు నడిచిందనీ, ఆ కాలంలో ఫిబ్రవరి 29 ఉన్నందున 366 రోజులకు రోజుకు 900 చొప్పున 3,29,400 ప్రీమియం కట్టారనీ అనుకుందాం. 2024 మార్చి 31 నాటికి అందులో 137 రోజులు, అంటే 1,23,300 మిగిలింది. అది 2024-25లో ఖర్చవుతుంది. కాబట్టి 2024-25 బీమా ఖర్చు పాత పాలసీ నుంచి 1,23,300, కొత్త పాలసీ నుంచి 2,28,000, మొత్తం 3,51,300. ఆ ఏడాది కట్టినది 3,65,000. తేడా 13,700 మాత్రమే, అది కచ్చితంగా రెండు మార్చి 31ల మధ్య ముందుగా చెల్లించిన నిల్వలో వచ్చిన పెరుగుదలకు సమానం.

అంటే యజమాని మాటలో చాలావరకు నిజం ఉంది. ప్రీమియం నిలకడగా ఉన్న పాత మిల్లులో ఈ సర్దుబాటు వల్ల వార్షిక లాభం పెద్దగా మారదు. కాని మిల్లు మొదలైన మొదటి ఏడాది తీసుకోండి. 2023 ఆగస్టులోనే మిల్లు తెరిచి ఉంటే, ఆ ఆర్థిక సంవత్సరంలో రక్షణ పొందింది 229 రోజులు, దాని విలువ 2,06,100. మొత్తం 3,29,400 ఖర్చు రాస్తే 1,23,300 రూపాయల లాభం కనబడకుండా పోతుంది. ప్రీమియం రేటు ఒక్కసారిగా పెరిగిన ఏడాదిలో, కొత్త యంత్రాలు వచ్చి బీమా మొత్తం రెట్టింపైన ఏడాదిలో కూడా ఇదే జరుగుతుంది. నెలవారీ లెక్కలైతే మరీ. కిలో నూలుకు తయారీ ఖర్చు ఎంత పడిందో ప్రతి నెలా లెక్కగట్టే మిల్లులో, ఆగస్టు నెల మీదే 3,65,000 వేస్తే ఆ నెల నూలు దండగ అనిపిస్తుంది, మిగిలిన పదకొండు నెలలు బీమా లేకుండానే మిల్లు నడిచినట్టు ఉంటుంది. ఆ అంకెలు చూసి నూలు ధర నిర్ణయించేవారు రెండుసార్లూ తప్పు చేస్తారు. అదీగాక, మిల్లు కంపెనీగా నమోదై ఉంటే ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం లెక్కలను నగదు కదలిక ప్రకారం కాక, హక్కు, బాధ్యత ఏర్పడిన కాలం ప్రకారమే రాయాలి.

నడిమధ్యలో పాలసీ మారినప్పుడు అసలు తప్పులు దొర్లుతాయి. పత్తి సీజను మొదలై గోడౌను నిండడంతో, మిల్లు నవంబరు 1 నుంచి బీమా మొత్తాన్ని పెంచిందనుకుందాం. బీమా కంపెనీ పాలసీలో ఆ మార్పును చూపే ఒక ఎండార్స్‌మెంటు పత్రం ఇచ్చి అదనపు ప్రీమియం 57,600 తీసుకుంది. దీని కాలం పన్నెండు నెలలు కాదు. అసలు పాలసీ ముగిసే 2025 ఆగస్టు 15తోనే ఇదీ ముగుస్తుంది, అంటే 288 రోజులు, రోజుకు 200 చొప్పున. మార్చి 31 వరకు 151 రోజులకు 30,200 ఖర్చు, మిగిలిన 137 రోజులకు 27,400 ఆస్తి. కాని గుమాస్తా చేతిలో అలవాటైన నిష్పత్తి ఒకటి ఉంటుంది, 365లో 137. దాన్నే ఈ 57,600కు కూడా వాడితే ఆస్తి 21,620 అని వస్తుంది, 5,780 రూపాయలు ముందే ఖర్చులోకి జారిపోతాయి. ఎండార్స్‌మెంటును కట్టిన తేదీ నుంచి ఏడాదికి పంచితే తప్పు రెండోవైపుకు పోతుంది, పాలసీ ముగిసిన తరువాత కూడా ఆస్తి మిగిలినట్టు కనబడుతుంది. అందువల్ల రసీదును కాదు, ప్రతి పత్రంలోని మొదటి తేదీని, చివరి తేదీని చూడాలి. కట్టిన తేదీ బ్యాంకు పద్దుకే పనికివస్తుంది.

ఈ సూత్రం మార్చి చివరి వారంలో బాగా పరీక్షకు నిలుస్తుంది. ఏప్రిల్ 1న మొదలయ్యే పాలసీకి మార్చి 28న ప్రీమియం కడితే, ఆ ఆర్థిక సంవత్సరంలో దాని ఖర్చు సున్నా. మొత్తం ప్రీమియం ముందుగా చెల్లించిన ఖాతాలోనే ఉండాలి. లాభం కాస్త తగ్గితే పన్ను తగ్గుతుంది కదా అని మార్చిలో ప్రీమియం కట్టి ఖర్చు రాయించాలని చూసేవారు ఉంటారు. పాలసీ పత్రం మీద ఉన్న ఏప్రిల్ 1 అనే ఒక్క తేదీ ఆ ఆలోచనను పట్టించేస్తుంది.

లెక్క చేత్తో వేస్తే పొరపాట్లు వస్తాయి గనుక చాలామంది స్ప్రెడ్‌షీటులో పాలసీకి ఒక వరుస చొప్పున పట్టిక ఉంచుకుంటారు. A గడిలో పాలసీ మొదటి రోజు, B గడిలో ప్రీమియం, C గడిలో చివరి రోజు, E1 గడిలో లెక్కలు ముగించే తేదీ ఉంటే, ఆ తేదీ నాటికి ఆస్తిగా మిగలవలసిన మొత్తాన్ని ఈ ఫార్ములా ఇస్తుంది.

```
=B2*MIN(C2-A2+1,MAX(0,C2-$E$1))/(C2-A2+1)
```

చివరి తేదీలోంచి మొదటి తేదీని తీసివేస్తే ఒక రోజు తక్కువ వస్తుంది కాబట్టి ఒకటి కలిపాం. ఆగస్టు 16ను, తరువాతి ఏడాది ఆగస్టు 15ను రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి కదా. MAX అన్నది ముగిసిపోయిన పాలసీకి మైనస్ అంకె రాకుండా సున్నా దగ్గర ఆపుతుంది. MIN అన్నది ఇంకా మొదలుకాని పాలసీకి ప్రీమియం కంటే ఎక్కువ ఆస్తి చూపకుండా కాపాడుతుంది. మన మిల్లు పట్టికలో E1లో 2025 మార్చి 31 వేస్తే మొదటి వరుసలో 1,37,000, ఎండార్స్‌మెంటు వరుసలో 27,400, మొత్తం 1,64,400 వస్తుంది. ఖాతాలన్నీ ఉండే ఆవర్జాలో ముందుగా చెల్లించిన బీమా ఖాతా నిల్వ కూడా అంతే ఉండాలి. ఎండార్స్‌మెంటుతో కలిపి ఆ ఏడాది కట్టినవి 4,22,600. నిల్వ 1,23,300 నుంచి 1,64,400కు పెరిగింది, అంటే 41,100. దాన్ని తీసివేస్తే ఖర్చు 3,81,500. పాలసీల వారీగా కూడినా 1,23,300, 2,28,000, 30,200 కలిసి అదే వస్తుంది. రెండు దారుల్లో ఒకే సంఖ్య రాకపోతే ఎక్కడో ఒక పత్రం లెక్కలోకి రాలేదని అర్థం.

ఇదే కథను బీమా కంపెనీ వైపు నుంచి చూస్తే అద్దంలో చూసినట్టు ఉంటుంది. మిల్లు కట్టిన 3,65,000 కంపెనీకి ఆ రోజే ఆదాయం కాదు. మార్చి 31న, పునర్బీమా లెక్కలను పక్కన పెడితే, మిల్లు పుస్తకాల్లో ఆస్తిగా ఉన్న ఆ 137 రోజుల మొత్తమే కంపెనీ పుస్తకాల్లో ఇంకా సంపాదించని ప్రీమియంగా, అంటే బాధ్యతగా నిలుస్తుంది. ముందుగా చెల్లించిన బీమాను వ్యక్తిగత ఖాతా అని పాఠం చెప్పడంలో ఎంత అర్థముందో ఇక్కడ మళ్లీ తెలుస్తుంది.

ఆస్తి అన్నాం గాని, ఇది అమ్ముకోదగిన ఆస్తి కాదు. బ్యాంకు మిల్లుకు వర్కింగ్ క్యాపిటల్ అప్పు ఇచ్చేటప్పుడు ఎంత వాడుకోవచ్చో సరుకు నిల్వ, రావలసిన బాకీలను బట్టి లెక్కగడుతుంది, ముందుగా చెల్లించిన బీమాను అందులో కలపదు. వెంటనే నగదుగా మారే ఆస్తులను దగ్గర్లో తీర్చవలసిన అప్పులతో పోల్చే ద్రవ్యత్వ నిష్పత్తి లెక్కించేటప్పుడు కూడా దీన్ని పక్కన పెడతారు. అప్పులవాళ్లు తలుపు తట్టినప్పుడు మిగిలిన 137 రోజుల రక్షణను వారి చేతిలో పెట్టలేం కదా. పాలసీని మధ్యలో రద్దు చేసుకుంటే మాత్రం లెక్క మారుతుంది. కంపెనీ తిరిగి ఇస్తానన్న మొత్తం రావలసిన బాకీ అవుతుంది. అది మిగిలిన రోజుల విలువ కంటే తక్కువగా ఉంటే, ఆ తేడా రద్దు చేసిన రోజునే ఖర్చు రాయాలి. ఇక నడవని పాలసీకి పంచడానికి రోజులు మిగలవు.

బీమాకు కట్టిన ప్రతి రూపాయీ ఈ దారిన నడవదు. కొత్త యంత్రాన్ని కోయంబత్తూరు నుంచి మిల్లుకు తెచ్చేటప్పుడు దారిలో నష్టానికి చేసే రవాణా బీమా, ఆ యంత్రాన్ని వాడుకకు తెచ్చిన ఖర్చులో భాగం. అది యంత్రం ధరలో కలిసి, యంత్రం జీవితకాలమంతా తరుగుదలగా ఖర్చవుతుంది. ప్రయాణం రెండు రోజుల్లో ముగిసినంత మాత్రాన రెండు రోజుల ఖర్చు అనుకోకూడదు.

ఏడాది దాటిన పాలసీలకు మరొక మెట్టు ఉంది. సుప్రీంకోర్టు ఆదేశం తరువాత 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల, కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవలసి వస్తోంది. మిల్లు 2025 జనవరి 1న కారు కొని, ఆ మూడేళ్ల భాగానికి పన్నుతో కలిపి 12,600 కట్టిందనుకుందాం, నెలకు 350. మార్చి 31కి మూడు నెలల 1,050 ఖర్చయింది, 11,550 మిగిలింది. దాన్ని మొత్తంగా ఒకే చోట చూపకూడదు. రాబోయే పన్నెండు నెలల్లో కరిగే 4,200 చర ఆస్తుల్లో, ఆ తరువాతి 21 నెలల్లో కరిగే 7,350 దీర్ఘకాలిక ఆస్తుల్లో ఉండాలి. ఏడాది తరువాత ఆ 7,350లోంచి మళ్లీ 4,200 చర ఆస్తులవైపు జరుగుతుంది. ఇంత చిన్న మొత్తానికి ఇంత శ్రమ అవసరమా అంటే, ఈ పరిమాణంలో ఉన్న మిల్లుకు నిజంగా అవసరం లేదు. పాతిక వేలో యాభై వేలో ఒక హద్దు పెట్టుకుని, అంతకు లోపు వాటిని కట్టిన ఏడాదే ఖర్చు రాయడం చాలా ఆఫీసుల్లో ఉన్న పద్ధతే. కాని నలభై లారీలున్న రవాణా వ్యాపారి ఏ లారీకి ఆ లారీ చిన్న మొత్తమని చూసుకుంటూ పోతే, అన్నీ కలిపి ఎంతవుతుందో మరిచిపోతాడు.

చివరిగా, ముందుగా చెల్లించిన బీమా ఖాతా జబ్బుపడిందని ఎలా గుర్తుపట్టాలి అన్న విషయం. మొదటి లక్షణం, వరుసగా రెండు మార్చి 31లలోనూ ఒకే అంకె పైసలతో సహా కనబడడం. అంటే పాత నిల్వ కరగలేదు, కొత్త ప్రీమియం నేరుగా ఖర్చులోకి పోయింది. రెండో లక్షణం, ఖాతాలో క్రెడిట్ నిల్వ ఉండడం. ఇది ఎండార్స్‌మెంటు అదనపు ప్రీమియాన్ని వేరే ఖాతాలో రాసి, నెలవారీ పద్దును మాత్రం ఇక్కడ తీస్తూ పోయినప్పుడు వస్తుంది. మూడోది అన్నింటికంటే నమ్మకమైనది: నిల్వలోని ప్రతి మొత్తానికీ ఒక పాలసీ పత్రం అడిగి, దాని చివరి తేదీ లెక్కలు ముగించిన తేదీకి తరువాత ఉందో లేదో చూడడం. 2025 మార్చి 31 నాటి నిల్వలో 2022 ఆగస్టులో ముగిసిన పాలసీ కింద ఎనభై వేలు ఉంటే, అది ఆస్తి కాదు. ఎవరో వేయడం మరిచిపోయిన పద్దు.

అలాంటి నిల్వ దొరికినప్పుడు దాన్ని మెల్లగా ఏడాదికి కొంత చొప్పున తీసేద్దామనే సలహా తరచుగా వస్తుంది. అది తప్పును మరికొన్ని సంవత్సరాలకు పంచడమే, ఎందుకంటే ఆ రక్షణ పూర్తిగా అయిపోయి ఇప్పటికే కొన్నేళ్లు గడిచాయి. పాత అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే మిల్లు అయితే ఆ ఎనభై వేలను తప్పు బయటపడిన సంవత్సరంలోనే ఒక్కసారిగా ఖర్చు రాసి, గత కాలపు అంశం అని విడిగా చూపాలి. పన్ను ఆడిట్ నివేదికలో గత కాలపు ఖర్చుల వివరాలు అడిగే గడి ఒకటి ఉంది, అక్కడా అది రాయాలి. ఆ ఖర్చు ఏ ఏడాదికి చెందిందని పన్ను అధికారి అడిగితే, అకౌంటెంటు చూపవలసింది బ్యాంకు స్టేట్‌మెంటు కాదు, మూడేళ్ల నాటి పాలసీ పత్రం. అది ఫైలులో ఉంటే మొదటి పేజీలోనే జవాబు ఉంటుంది.